తొలి రేట్ల పట్టికకు ఏ పద్ధతి ఎప్పుడు: నిష్పత్తి, లాగ్, గ్రాఫ్

నెల్లూరులో ఇంటర్ రెండో సంవత్సరం పిల్లలకూ, బీఎస్సీ పిల్లలకూ రసాయన గతిశాస్త్రం చెబుతుంటే తొలి రేట్ల పట్టిక దగ్గర రెండు రకాల ప్రశ్నలు వస్తాయి. ఇంటర్ వాళ్లు "సార్, చూడగానే ఆర్డర్ చెప్పేసే దారి ఏదైనా ఉందా?" అంటారు. డిగ్రీ వాళ్లు ల్యాబ్ రికార్డు తెరిచి "సార్, 0.91 వచ్చింది. 1 అని రాసేయొచ్చా?" అంటారు. పట్టిక చూడ్డానికి ఒకటే అయినా ఈ ఇద్దరికీ ఒకే పద్ధతి పనికిరాదు. ఈఏపీసెట్ పేపర్లో అంకెలు చక్కగా విడిపోయేలా ముందే తయారుచేసి ఇస్తారు. ల్యాబ్‌లో అంకెలు స్టాప్‌వాచ్ నుంచి, పిపెట్ నుంచి, ఆ మధ్యాహ్నపు ఎండ నుంచి వస్తాయి. కాబట్టి పద్ధతి ఎంచుకునే ముందు, ఈ అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయో చూసుకోవాలి.

వాడుకలో ఉన్న దారులు మూడు. మొదటిది, ఒక్క గాఢత మాత్రమే మారిన రెండు వరుసలు తీసుకుని రేట్లను భాగించి ఆర్డర్‌ను చూపుతోనే పట్టేయడం. రెండోది, అదే నిష్పత్తికి లాగ్ తీసి ఆర్డర్‌ను లెక్కగట్టడం. మూడోది, అన్ని వరుసల లాగ్‌లనూ గ్రాఫ్ మీద పెట్టి, లేదా కంప్యూటర్లో స్ప్రెడ్‌షీట్‌కి ఇచ్చి, వాలు నుంచి ఆర్డర్ తీయడం. మూడింటి వెనకా ఉన్నది ఒకే సమీకరణం:

rate = k[A]ˣ[B]ʸ

ఏ దారి ఎంత భారం మోయగలదో తెలియాలంటే ఒకే పట్టికను మూడు దారుల్లోనూ చేసి చూడాలి. బీఎస్సీ ల్యాబుల్లో చాలామందికి తెలిసిన పెర్‌సల్ఫేట్–అయొడైడ్ చర్యనే తీసుకుందాం.

S₂O₈²⁻ + 2I⁻ → 2SO₄²⁻ + I₂

కింది అంకెలు సాధన కోసం నేను కూర్చినవి. అయితే ల్యాబ్‌లో కనిపించే చిన్న చిన్న తేడాలను కావాలనే అందులో ఉంచాను. ఉష్ణోగ్రత 30 °C, గాఢతలు M లో, రేటు M s⁻¹ లో.

| వరుస | [S₂O₈²⁻] | [I⁻] | తొలి రేటు × 10⁵ |
|---|---|---|---|
| 1 | 0.040 | 0.040 | 0.96 |
| 2 | 0.080 | 0.040 | 2.00 |
| 3 | 0.040 | 0.080 | 1.80 |
| 4 | 0.080 | 0.080 | 3.70 |
| 5 | 0.040 | 0.160 | 3.75 |

చూపుతో చేస్తే

1, 2 వరుసల్లో అయొడైడ్ మారలేదు, పెర్‌సల్ఫేట్ రెట్టింపైంది. రేటు 0.96 నుంచి 2.00 అయింది, అంటే 2.08 రెట్లు. రెండుకు దగ్గర కాబట్టి పెర్‌సల్ఫేట్‌లో ఆర్డర్ 1. ఇక 1, 3 వరుసల్లో పెర్‌సల్ఫేట్ కదల్లేదు, అయొడైడ్ రెట్టింపైంది. రేటు 1.88 రెట్లయింది. ఇదీ రెండుకు దగ్గరే కాబట్టి అయొడైడ్‌లోనూ ఆర్డర్ 1. మొత్తం ఆర్డర్ 2. అర నిమిషంలో పని అయిపోయింది.

ఇక్కడే ఒక మాట చెప్పాలి. సమీకరణంలో అయొడైడ్ ముందు 2 ఉంది కదా అని దాని ఆర్డర్ 2 అని రాసేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. సమీకరణంలోని గుణకం మొత్తం లెక్క చెబుతుందే గానీ నెమ్మదైన అంచెలో ఏం జరుగుతుందో చెప్పదు. ఈ చర్యలో రేటును నిర్ణయించే అంచెలో ఒక పెర్‌సల్ఫేట్ అయాన్‌తో ఒకే ఒక్క అయొడైడ్ అయాన్ కలుస్తుంది. ఈ సంగతి పట్టిక చెబుతుంది గానీ సమీకరణం చెప్పదు. ఈ తప్పును పట్టుకునే సులువైన దారి కూడా ఉంది. k దగ్గరకు వచ్చినప్పుడు చూద్దాం.

పోటీ పరీక్షలకు ఈ చూపు పద్ధతే సరైనది. కాలిక్యులేటర్ ఉండదు, టైమ్ తక్కువ, అంకెలు శుభ్రంగా ఉంటాయి. గాఢతను రెట్టింపు చేసినప్పుడు రేటు మారకపోతే ఆర్డర్ 0, రెట్టింపైతే 1, నాలుగు రెట్లయితే 2. అసలు మెలిక మధ్యలో ఉంటుంది. రేటు 1.41 రెట్లయితే ఆర్డర్ అర, 2.83 రెట్లయితే ఒకటిన్నర. 2.83 ని చూసి "మూడుకు దగ్గరగా ఉంది, ఏదో తప్పు" అనుకుని ముందుకు పోకండి. అలాంటి ఆర్డర్లు నిజంగానే ఉన్నాయి. అసిటాల్డిహైడ్ వియోగం ఆర్డర్ ఒకటిన్నర అని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. హైడ్రోజన్, బ్రోమిన్ కలిసే చర్య తొలి దశలో బ్రోమిన్‌లో ఆర్డర్ అర. గాఢతను మూడు రెట్లు చేసిన వరుస ఇచ్చారంటే 3, 9, 27 తో పోల్చాలి, అలవాటుగా 2, 4, 8 తో కాదు. హడావిడిలో ఎక్కువమంది జారేది ఇక్కడే.

లాగ్ తీస్తే ఏం బయటపడుతుంది

చూపు పద్ధతి 2.08 నీ 1.88 నీ ఒకే గాటన కట్టి రెండూ "రెండే" అంది. లాగ్ పద్ధతి అలా సర్దుకుపోదు.

x = log(2.00/0.96) / log 2 = 0.319/0.301 = 1.06

y = log(1.80/0.96) / log 2 = 0.273/0.301 = 0.91

ఇదుగో, రికార్డులోకి వచ్చే ఆ 0.91 ఇదే. ఇప్పుడు అదే అయొడైడ్ ఆర్డర్‌ను 1, 5 వరుసల నుంచి తీద్దాం. ఇక్కడ గాఢత నాలుగు రెట్లయింది, రేటు 3.91 రెట్లయింది.

y = log(3.75/0.96) / log 4 = 0.592/0.602 = 0.98

చర్య ఒకటే, ల్యాబ్ ఒకటే, చేతులు కూడా అవే. అయినా ఒక జత 0.91 అంటోంది, ఇంకో జత 0.98 అంటోంది. దీనికి కారణం లెక్కలోనే ఉంది, దాన్ని అర్థం చేసుకుంటే ఏ జతను ఎంచుకోవాలో తెలిసిపోతుంది. ఒక్కో రేటులో 5 శాతం తేడా ఉందనుకోండి. రెండు రేట్లను భాగిస్తే ఆ నిష్పత్తిలో సుమారు 7 శాతం తేడా వస్తుంది. ఆర్డర్ తీసేటప్పుడు కింద log(గాఢతల నిష్పత్తి) తో భాగిస్తాం. శాతం తేడాను నేరుగా వాడుతున్నాం కాబట్టి ఇక్కడ log బదులు ln తీసుకోవాలి. గాఢత రెట్టింపైతే ఆర్డర్‌లో తేడా 0.07/0.69, అంటే 0.10. నాలుగు రెట్లయితే 0.07/1.39, అంటే 0.05. గాఢతను 1.25 రెట్లే పెంచి ఉంటే 0.07/0.22, అంటే 0.3 పైనే. చేసిన తప్పు అంతే ఉన్నా, గాఢతలు దగ్గర దగ్గరగా ఉన్న జతను పట్టుకుంటే ఆర్డర్ ఒకటో ఒకటిన్నరో తేల్చలేని పరిస్థితి వస్తుంది.

కాబట్టి లాగ్ పద్ధతిని ఎంచుకుంటే మొదటి నియమం ఇది: ఇచ్చిన జతల్లో గాఢతలు అన్నిటికంటే దూరంగా ఉన్న జతను తీసుకోండి. పట్టికలో పక్కపక్కన ఉన్నాయని 1, 2 వరుసలనో 2, 3 వరుసలనో పట్టుకోవద్దు. పట్టిక రాసిన వరసకూ లెక్క చేసే వరసకూ సంబంధం లేదు.

రెండు గాఢతలూ మారిన జత పనికిరాదని చాలామంది అనుకుంటారు. 4, 5 వరుసలు చూడండి. 5 నుంచి 4 కు వస్తే పెర్‌సల్ఫేట్ రెట్టింపైంది, అయొడైడ్ సగమైంది, రేటు మాత్రం 3.75 నుంచి 3.70 కి వచ్చి దాదాపు అక్కడే ఉంది. అంటే 2ˣ పెంచింది, 2ʸ తగ్గించింది, రెండూ చెల్లుకు చెల్లు. x, y సమానమని ఒక్క జతతోనే తేలింది. లెక్క వేస్తే తేడా 0.02 మాత్రమే. ఇంత పొందికైన జత అరుదుగా దొరుకుతుంది గానీ, దొరికినప్పుడు వదులుకోకూడదు.

గ్రాఫ్, స్ప్రెడ్‌షీట్

మూడో దారి ఐదు వరుసల మాటనూ వింటుంది. అయొడైడ్ ఆర్డర్ కోసం పెర్‌సల్ఫేట్ 0.040 గా ఉన్న 1, 3, 5 వరుసలు తీసుకుని, అడ్డంగా log[I⁻], నిలువుగా log(rate) పెట్టి గీత గీస్తే వాలు 0.98 వస్తుంది. లాగ్ అక్షం మీద ఈ మూడు బిందువులూ సమాన దూరంలో ఉన్నాయి కాబట్టి నడిమి బిందువుకు వాలును మార్చే శక్తి లేదు. చివరి రెండు బిందువులే వాలును నిర్ణయిస్తాయి. మరి నడిమిది ఎందుకు? గీత నిజంగా గీతేనా, లేక వంగుతోందా అని చెప్పేది అదే. ఇక్కడ 3వ వరుస, చివరి రెండు బిందువులనూ కలిపే గీత కంటే 5 శాతం కింద ఉంది. అది కొలతలో సహజంగా ఉండే తేడా. అదే నాలుగైదు బిందువులు ఒకే వైపు విల్లులా వంగితే, ఆ చర్యకు rate = k[A]ˣ అనే రూపమే సరిపోదన్నమాట. రెండు వరుసలు మాత్రమే చూసే పద్ధతులకు ఈ వంపు ఎప్పటికీ కనపడదు. గ్రాఫ్‌ను ఎంచుకోవడానికి నా దృష్టిలో అసలు కారణం ఇదే.

రెండు ఆర్డర్లూ ఒకేసారి కావాలంటే స్ప్రెడ్‌షీట్ మంచిది. మొదటి అడ్డువరుసలో శీర్షికలు, A నిలువు వరుసలో పెర్‌సల్ఫేట్, B లో అయొడైడ్, C లో రేటు ఉంచి ఇలా అడగొచ్చు:

```
=LINEST(LN(C2:C6),LN(A2:B6),TRUE,TRUE)
```

పాత ఎక్సెల్‌లో దీన్ని Ctrl+Shift+Enter తో ఇవ్వాలి. ఇంకో సంగతి, జవాబులు తిరగబడి వస్తాయి. ముందు B గడి ఆర్డర్, తర్వాత A గడి ఆర్డర్, ఆఖరున ln k. రెండు ఆర్డర్లూ వేర్వేరైన చర్యలో ఇది గమనించకపోతే ఒకదానిది ఇంకొకదానికి అంటగట్టేస్తాం. మన పట్టికకు పెర్‌సల్ఫేట్‌లో 1.03, అయొడైడ్‌లో 0.96 వస్తాయి. విడి జతలు ఇచ్చిన 1.06, 0.91 కంటే రెండూ ఒకటికి దగ్గరగా వచ్చాయి. ఐదు వరుసల తేడాలు ఒకదాన్నొకటి కొంత సర్దుకోవడం వల్ల వచ్చిన ఫలితమిది.

మరి ప్రతిదానికీ ఇదే వాడొచ్చుగా? మూడు వరుసల పరీక్ష పట్టికకు గ్రాఫ్ గీయడం అంటే దోసె పెనం కోసం పెళ్లి పొయ్యి వెలిగించడమే. తెలియని సంగతులు మూడు (x, y, k), వరుసలు మూడే అయినప్పుడు గీత అన్ని బిందువుల గుండా పోయి తీరుతుంది. సర్దుబాటుకు చోటుండదు, తప్పు కనపడే అవకాశమూ ఉండదు. స్ప్రెడ్‌షీట్ చక్కటి అంకె ఇస్తుంది, మనం నమ్మేస్తాం. కనీసం ఐదు వరుసలుంటేనే ఆ దారి పట్టమంటాను.

k దగ్గర చేసే తప్పు

ఆర్డర్ తేలాక k తీయడం చిటికెలో పని అనుకుంటారు. నిజానికి మార్కులూ, రికార్డులో అర్థమూ పోయేది ఎక్కువగా ఇక్కడే.

అయొడైడ్ ఆర్డర్‌ను 0.91 గా అలాగే ఉంచి, పెర్‌సల్ఫేట్‌కు 1 తీసుకుని, 1వ వరుస నుంచి k లెక్కించారనుకోండి. 0.0045 వస్తుంది. ఆర్డర్‌ను 1 గా తీసుకుంటే 0.0060 వస్తుంది. ఆర్డర్‌లో 0.09 తేడాకు k నాలుగో వంతు పడిపోయింది. ఎందుకంటే మన గాఢతలు 0.04 దగ్గర ఉన్నాయి, k మాత్రం గాఢత 1 M ఉన్నప్పటి రేటు లాంటిది. అంత దూరం గీతను పొడిగిస్తే వాలులోని చిన్న తేడా కూడా అక్కడికి చేరేసరికి పెద్దదైపోతుంది. పైగా 0.91 ఆర్డర్ ఉన్న k కు ప్రమాణాలు కూడా M⁻⁰·⁹¹ s⁻¹ అని వింతగా వస్తాయి, ఇంకో గ్రూపు k తో పోల్చడానికి వీలుండదు. అందుకే ముందు ఆర్డర్‌ను తేల్చుకోండి, తర్వాతే k ముట్టుకోండి. గ్రాఫ్ అంతరఖండం నుంచి k తీయడం నేను ఒప్పుకోను.

అయితే "0.91 ని 1 అని రాసేయొచ్చా?" అన్న ప్రశ్నకు జవాబు ఇంకా చెప్పలేదు. రాయొచ్చు, కానీ పక్కన కారణం కూడా రాయాలి. రెట్టింపు జతలో 5 శాతం కొలత తేడాకు ఆర్డర్ 0.10 అటూ ఇటూ అవుతుందని పైన చూశాం. 0.91 ఆ హద్దులోనే ఉంది. దూరపు జత 0.98 ఇచ్చింది. ఈ రెండూ చాలు. ఇంకో పరీక్ష దీనికంటే గట్టిది. ఆర్డర్ 1, 1 అనుకుని ప్రతి వరుసకూ k తీయండి.

| వరుస | [S₂O₈²⁻][I⁻] | k (M⁻¹ s⁻¹) |
|---|---|---|
| 1 | 0.0016 | 0.0060 |
| 2 | 0.0032 | 0.0063 |
| 3 | 0.0032 | 0.0056 |
| 4 | 0.0064 | 0.0058 |
| 5 | 0.0064 | 0.0059 |

ఈ ఐదు అంకెలూ పైకీ కిందకీ ఊగుతున్నాయి గానీ గాఢత పెరిగే కొద్దీ ఒకే దిక్కుకు పోవడం లేదు. చూడాల్సింది అదే. సగటు 0.0059 M⁻¹ s⁻¹. ఇప్పుడు గుణకం చూసి అయొడైడ్ ఆర్డర్ 2 అన్నవాళ్ల లెక్క చూద్దాం. 1, 3, 5 వరుసల్లో rate/([S₂O₈²⁻][I⁻]²) వరసగా 0.15, 0.070, 0.037 వస్తుంది. అయొడైడ్ రెట్టింపైన ప్రతిసారీ k సగమవుతోంది. స్థిరాంకం అన్నది అలా దిగజారకూడదు. గాఢతతో పాటు k తగ్గుతూ పోతే ఆర్డర్‌ను ఎక్కువ తీసుకున్నారన్నమాట, పెరుగుతూ పోతే తక్కువ తీసుకున్నారన్నమాట. పరీక్షలోనూ జవాబు నమ్మాలో వద్దో తేలనప్పుడు, మొదటి వరుసకూ ఆఖరి వరుసకూ k తీసి చూడటానికి ఇరవై సెకన్లు చాలు. మిగిలిన ఏ సరిచూపు కంటే నాకు ఇదే ఎక్కువ నమ్మకం.

ఒక వరుస k తీసుకోవాలా, సగటా? పరీక్షలో ఏ వరుసైనా ఒకటే జవాబిస్తుంది, అంకెలు చిన్నగా ఉన్న వరుస తీసుకోండి. ల్యాబ్‌లో అయితే సగటే. సగటు పక్కన ఐదు విలువలనూ చూపించండి, అవి ఎంత ఊగాయో చూసేవాళ్లకు తెలియాలి.

"రేటు" దేనిదో కూడా ప్రశ్నలో చూసుకోవాలి. చర్యా రేటు అంటే మన k 0.0059. అయొడైడ్ తగ్గే రేటు ఇచ్చి ఉంటే ప్రతి అంకె రెండింతలుంటుంది, k కూడా 0.0118 అవుతుంది. ఆర్డర్ మాత్రం మారదు. నిమిషాల్లో ఇచ్చిన రేటును సెకన్లకు మార్చడం మరిచినా అంతే, ఆర్డర్ సరిగ్గా వచ్చి k అరవై రెట్లు తేడా వస్తుంది. ఆప్షన్లలో ఆ తప్పు జవాబు కూడా తయారుగా ఉంటుంది.

ఒక గాఢతను కదలకుండా ఉంచిన జత లేకపోతే

కొన్ని పట్టికల్లో రెండో పదార్థానికి శుభ్రమైన జత ఉండదు. ఉదాహరణకు:

| వరుస | [A] | [B] | తొలి రేటు |
|---|---|---|---|
| 1 | 0.10 | 0.10 | 0.0020 |
| 2 | 0.20 | 0.10 | 0.0080 |
| 3 | 0.40 | 0.30 | 0.096 |

1, 2 నుంచి A ఆర్డర్ 2. B మారిన వరుస 3 ఒక్కటే, అందులో A కూడా మారింది. ఇక్కడ చూపు పద్ధతి ఆగిపోతుంది గానీ, ఇప్పటికే దొరికిన ఆర్డర్ సాయంతో దారి దొరుకుతుంది. 3ని 1తో భాగిస్తే రేటు 48 రెట్లు. A నాలుగు రెట్లవడం వల్ల వచ్చిన వాటా 4², అంటే 16. మిగిలింది 3 రెట్లు. B మూడు రెట్లయింది, కాబట్టి B ఆర్డర్ 1. తెలిసినదాని వాటా తీసేసి మిగిలినదాన్ని చూడటమే ఇక్కడి పని. A ఆర్డర్ తప్పు తీస్తే ఆ తప్పు B కి కూడా అంటుకుంటుంది కాబట్టి, ముందు శుభ్రమైన జతతోనే మొదలుపెట్టాలి. జవాబు k = 2.0 M⁻² s⁻¹ మొదటి వరుసకూ మూడో వరుసకూ ఒకేలా వస్తుందేమో చూసుకోండి. వస్తుంది.

ఇక ఏ పద్ధతికీ లొంగని పట్టిక ఒకటుంది. ప్రతి వరుసలోనూ A, B రెండూ కలిసి ఒకే లెక్కన పెరుగుతాయి: 0.1, 0.1, తర్వాత 0.2, 0.2, తర్వాత 0.4, 0.4. రేటు ప్రతిసారీ ఎనిమిది రెట్లవుతుంటే మొత్తం ఆర్డర్ 3 అని మాత్రమే చెప్పగలం. 2, 1 నా, 1, 2 నా అన్నది ఆ అంకెల్లో లేదు. లాగ్ తీసినా, స్ప్రెడ్‌షీట్‌కు ఇచ్చినా రాదు. ప్రాజెక్టు కోసం పట్టికను మీరే డిజైన్ చేస్తుంటే, ప్రయోగం మొదలుపెట్టకముందే కాగితం మీద ఇది చూసుకోవాలి. ఒక్క వరుసలో ఒక్కదాన్ని మార్చినా చాలు, ముడి విడిపోతుంది.

ల్యాబ్‌లో వరుసలను ఎలా ఎంచుకోవాలి

మన పెర్‌సల్ఫేట్ పట్టిక లాంటిది అయొడిన్ క్లాక్‌తో వస్తుంది. మిశ్రమంలో కొద్దిగా సోడియం థయోసల్ఫేట్, స్టార్చ్ వేస్తాం. నెల్లూరు తీరంలో రొయ్యల హేచరీల వాళ్లు నీళ్లలో మిగిలిన క్లోరిన్ పోగొట్టడానికి వాడే ఉప్పు ఇదే. పుట్టిన అయొడిన్‌ను పుట్టినట్టే థయోసల్ఫేట్ మింగేస్తుంది. అది అయిపోయిన క్షణం నీలం రంగు వస్తుంది. తొలి రేటు [S₂O₃²⁻]/2t. మిశ్రమంలో థయోసల్ఫేట్ 0.0020 M ఉంచితే 1వ వరుసకు నీలం రావడానికి 104 సెకన్లు, 5వ వరుసకు 27 సెకన్లు పడుతుంది.

ఈ రెండు సమయాల్లోనే ఒక తకరారు ఉంది. ఆర్డర్ బాగా రావాలంటే గాఢతలు దూరంగా ఉండాలన్నాం. కానీ గాఢత పెంచేకొద్దీ సమయం తగ్గుతుంది. స్టాప్‌వాచ్ నొక్కడంలో ఒక సెకను తేడా 104 లో ఒక శాతం, 27 లో దాదాపు నాలుగు శాతం. సమయం పెంచడానికి థయోసల్ఫేట్ ఎక్కువ వేద్దామంటే ఇంకో చిక్కు. 0.0020 M తో నీలం వచ్చే లోపు 1వ వరుసలో పెర్‌సల్ఫేట్ రెండున్నర శాతం మాత్రమే ఖర్చవుతుంది. 0.010 M వేస్తే పన్నెండున్నర శాతం ఖర్చవుతుంది, అప్పుడు దాన్ని తొలి రేటు అనడం కష్టం. నేనైతే అతి వేగమైన వరుస కూడా 20 సెకన్ల పైన ఉండేలా, ఖర్చు 5 శాతం దాటకుండా చూసుకుని, ఆ హద్దుల మధ్య గాఢతలను వీలైనంత దూరంగా ఉంచుతాను.

ఉష్ణోగ్రత సంగతి మన జిల్లాలో మరీ పట్టించుకోవాలి. ఈ చర్యకు ఉత్తేజన శక్తి సుమారు 50 kJ/mol. 30 °C దగ్గర ఒక డిగ్రీ పెరిగితే రేటు దాదాపు 7 శాతం పెరుగుతుంది. పొద్దున తక్కువ గాఢత వరుస చేసి, మధ్యాహ్నం ఎక్కువ గాఢత వరుస చేస్తే, ఈలోపు ల్యాబ్ మూడు డిగ్రీలు వేడెక్కిందనుకోండి. రెట్టింపు కావాల్సిన రేటు 2.4 రెట్లవుతుంది. లాగ్ తీస్తే ఆర్డర్ 1.3 దగ్గర వస్తుంది. గాఢతతో పాటే వేడి కూడా మెల్లగా పెరుగుతూ పోతే బిందువులన్నీ చక్కటి గీత మీదే ఉంటాయి కాబట్టి గ్రాఫ్ కూడా దీన్ని పట్టించదు. వరుసలను గాఢత క్రమంలో కాకుండా కలగలిపి చేయండి, ఆఖరున 1వ వరుసను మళ్లీ ఒకసారి చేయండి. 104 సెకన్లు రావాల్సింది 90 వస్తే వేడి మారిందని తెలిసిపోతుంది. నీళ్ల తొట్టిలో బీకర్లు ఉంచి, థర్మామీటర్ రీడింగ్ ప్రతి వరుస పక్కనా రాసుకుంటే ఇంకా మంచిది.

అన్నిటికంటే తక్కువమందికి తెలిసిన చిక్కు ఉప్పు ప్రభావం. పెర్‌సల్ఫేట్, అయొడైడ్ రెండూ రుణావేశం ఉన్న అయాన్లు. ద్రావణంలో అయాన్లు ఎక్కువయ్యేకొద్దీ ఇవి ఒకదాన్నొకటి నెట్టుకోవడం తగ్గి చర్య వేగమవుతుంది. అయొడైడ్ తగ్గించిన వరుసలో ఖాళీని నీళ్లతో నింపితే అయాన్లు కూడా తగ్గుతాయి, రేటు రెండు కారణాల వల్ల పడిపోతుంది, ఆర్డర్ ఒకటి కంటే పైకి పోతుంది. KI తగ్గించిన చోట అంతే గాఢత KNO₃, అమ్మోనియం పెర్‌సల్ఫేట్ తగ్గించిన చోట అంతే గాఢత అమ్మోనియం సల్ఫేట్ వేయాలి. మీ రికార్డులో రెండు ఆర్డర్లూ ఒకటికి పైనే, 1.15 చుట్టూ వస్తుంటే, లెక్క మళ్లీ చేసే ముందు ఆ నీళ్ల గడి చూడండి.

మొత్తానికి పరీక్ష హాల్లో నిష్పత్తి పట్టుకోండి, అంకెలు విడిపోకపోతే లాగ్ తీయండి. ల్యాబ్‌లో ముందు దూరపు జతతో లాగ్, ఐదు వరుసలుంటే గ్రాఫ్, ఆఖరున ప్రతి వరుసకూ k. రికార్డులో జవాబు రాసేటప్పుడు k = 5.9 × 10⁻³ M⁻¹ s⁻¹ అని మాత్రమే రాసి వదలొద్దు. పక్కన 30 °C అనీ, ఏ ఉప్పుతో అయాన్ల గాఢతను స్థిరంగా ఉంచారో కూడా రాయండి. పుస్తకాల్లో విలువ ఎక్కువగా 25 °C ది ఉంటుంది, ఆ ఐదు డిగ్రీలకే k మూడో వంతుకు పైగా మారుతుంది.